యూనిట్ రాయని జవాబుకు ఎన్ని మార్కులు?

సీనియర్ ఇంటర్‌లో తరంగాల పాఠం చదివిన పిల్లలందరికీ తెలిసిన లెక్క ఒకటుంది. ఒక చివర మూసి ఉన్న 70 సెంటీమీటర్ల గొట్టాన్ని మోగించారు. గాలిలో ధ్వని వేగం సెకనుకు 331 మీటర్లు. గొట్టంలోని గాలి స్తంభం ప్రాథమిక పౌనఃపున్యం ఎంత? స్థిర తరంగాల మీద వచ్చే పెద్ద ప్రశ్నకు చివర తోకలా ఈ లెక్క తగులుతూ ఉంటుంది.

చేసే పద్ధతి కష్టమేమీ కాదు. ఒక చివర మూసిన గొట్టం అతి తక్కువ పౌనఃపున్యంతో మోగేటప్పుడు అందులో తరంగంలో నాలుగో వంతే పడుతుంది. అంటే పూర్తి తరంగం పొడవు గొట్టం పొడవుకు నాలుగు రెట్లు, 2.8 మీటర్లు. సెకనులో ధ్వని 331 మీటర్లు వెళుతుంది కాబట్టి ఆ దూరంలో 2.8 మీటర్ల తరంగాలు ఎన్ని పడతాయో చూస్తే చాలు.

n = v / 4l = 331 / (4 × 0.70) = 118.2 Hz

ఇప్పుడు దిద్దేవారి బల్ల దగ్గరకు వద్దాం. మొదటి జవాబు పత్రంలో సూత్రం ఉంది, విలువలు సరిగ్గా వేశారు, చివర 118.2 అని రాసి కింద రెండు గీతలు గీశారు. హెర్ట్జ్ అన్న మాట ఎక్కడా లేదు. రెండో దానిలో అంతా అలాగే ఉంది కానీ చివర 118.2 m/s అని ఉంది. మూడో దానిలో 70 సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చకుండా అలాగే వేశారు. 331ని 280తో భాగించి, 1.18 Hz అని చక్కగా యూనిట్‌తో సహా రాశారు. ముగ్గురూ యూనిట్ దగ్గరే తప్పారు. ముగ్గురికీ ఒకే శిక్షా? ఎవరికి ఎంత? ఫిజిక్స్ చెప్పేవాళ్ల స్టాఫ్ రూములో ఏటా పరీక్షల కాలంలో నడిచే చర్చ ఇది.

ఈ చర్చలో రెండు కొసలున్నాయి. ఒక కొసన ఉన్న లెక్చరర్లు యూనిట్ లేకపోతే లెక్క మొత్తానికీ సున్నా వేస్తారు. యూనిట్ లేని అంకెకు అర్థం లేదు కదా అన్నది వాళ్ల వాదన. రెండో కొసన ఉన్నవాళ్లు, పిల్లవాడికి పద్ధతి తెలుసు, జవాబు వచ్చింది, ఒక్క అక్షరం కోసం మార్కు కోయడం ఎందుకని పూర్తి మార్కులు వేసేస్తారు. రెండూ సరికావని నేను గట్టిగా నమ్ముతాను.

మొదటి వాదనలో సగం నిజం ఉంది. భౌతికశాస్త్రంలో ఏ రాశికైనా రెండు భాగాలుంటాయి: ఒక సంఖ్య, ఒక యూనిట్. రెండిటి లబ్ధమే ఆ రాశి. 1873లో వెలువడిన విద్యుదయస్కాంత గ్రంథాన్ని మాక్స్‌వెల్ మొదలుపెట్టిందే ఈ విషయంతో. ఆ లెక్కన 118.2 అన్నది సగం జవాబే. అయితే సగం జవాబు రాసినవాడికి సున్నా ఎలా వేస్తాం? పైగా సూత్రం, విలువలు వేసిన మెట్టు ఈ సగంతో సంబంధం లేకుండా ముందే సంపాదించుకున్న మార్కులు. చివరి గీతలో పోయిన యూనిట్ వెనక్కి వెళ్లి వాటిని చెరిపేయకూడదు.

లెక్కకు రెండు మార్కులు ఉన్నాయనుకుందాం. సూత్రానికి అర, విలువలు వేసినందుకు అర, జవాబుకు ఒకటి. జవాబుకు ఉన్న ఆ ఒక మార్కులో సంఖ్యకు అర, యూనిట్‌కు అర. అర మార్కుల విభజన మన దగ్గర కొత్తది కాదు, సీబీఎస్ఈ మార్కింగ్ స్కీములు చూసినవాళ్లకు ఇది అలవాటే. ఇలా పంచుకుంటే మొదటి పిల్లవాడికి ఒకటిన్నర వస్తుంది. అతను మరిచిపోయింది అర మార్కు విలువైన పని, అంతే పోయింది.

రెండో పిల్లవాడి సంగతి చూడండి. పౌనఃపున్యానికి వేగం యూనిట్ రాశాడు. రాయకపోవడం మరుపు, తప్పు రాయడం తెలియకపోవడం కాబట్టి ఇతనికి ఎక్కువ కోయాలని కొందరంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ కాగితం మీద మనకు కనిపించేది తప్పు మాత్రమే, దాని కారణం కాదు. ప్రశ్నలో m/s అని ఉంది, పై లైనులో 331 m/s అని తానే రాశాడు, చెయ్యి వేగంలో అదే కిందికి దిగి ఉండవచ్చు. అసలు హెర్ట్జ్ అంటే ఏమిటో తెలియక రాసి ఉండవచ్చు కూడా. ఏదో తేల్చుకోలేనప్పుడు యూనిట్‌కు కేటాయించిన అర మార్కే తీసేయాలి, సంఖ్యకు ఇచ్చిన అర జోలికి పోకూడదు. 118.2 అన్న సంఖ్య సరైన దారిలోనే వచ్చిందని పై మెట్లు చెబుతున్నాయి. ఇతనికీ ఒకటిన్నరే.

అసలు చిక్కు మూడో జవాబుది. దీన్ని కాస్త నిదానంగా చూడాలి. 331ని 280తో భాగిస్తే 1.18 రావడం నిజమే, భాగహారంలో తప్పు లేదు. హెర్ట్జ్ అన్న యూనిట్ పౌనఃపున్యానికి సరైనదే. విడివిడిగా చూస్తే రెండూ బాగానే ఉన్నాయి, కలిపి చూస్తే జవాబు వంద రెట్లు తక్కువ. పై సంఖ్య మీటర్లలోనూ కింది సంఖ్య సెంటీమీటర్లలోనూ ఉండటం వల్ల మీటరు, సెంటీమీటరు కొట్టుకుపోలేదు. ఆ పిల్లవాడు 1.18 పక్కన m s⁻¹ cm⁻¹ అని రాసి ఉంటే, ఎవరూ అలా రాయరు గానీ, అది అక్షరాలా సరైన జవాబు అయ్యేది. ఎందుకంటే ఒక మీటరులో వంద సెంటీమీటర్లు. అంటే మార్చడం మరిచిపోవడం కూడా లోపల్లోపల యూనిట్ తప్పే, కాకపోతే అది పైకి సరైన యూనిట్ వేషంలో కనిపిస్తుంది.

దీన్ని దిద్దేటప్పుడు జరిగే అన్యాయం రెట్టింపు కోత. మార్చలేదు కాబట్టి విలువలు వేసిన మెట్టులో అర కోస్తారు. సంఖ్య తప్పు కాబట్టి అక్కడ ఇంకో అర. సంఖ్య తప్పయితే యూనిట్‌కు మాత్రం ఎందుకు ఇవ్వాలని మరో అర. ఒక్క తప్పుకు మూడు చోట్ల కోత పడి, చివరికి సూత్రానికి వచ్చిన అర మాత్రమే మిగులుతుంది. సీబీఎస్ఈ తన మూల్యాంకన సూచనల్లో ఈ విషయం స్పష్టంగా చెబుతుంది: ఒక తప్పు ప్రభావం తర్వాతి మెట్లలోకి పాకినా శిక్ష ఒక్కసారే వేయాలి. ఈ సూత్రాన్ని కచ్చితంగా పాటిస్తే మూడో పిల్లవాడికి కూడా ఒకటిన్నర ఇవ్వాలనేవాళ్లున్నారు. నా అభిప్రాయం కొంచెం వేరు. కోత ఒక్కచోటే పడాలి, కానీ అది జవాబుకు ఉన్న పూర్తి మార్కు కావాలి. మొదటి ఇద్దరి కాగితాల్లో 118.2 ఉంది, అసలు పౌనఃపున్యం తెలుసుకోవాలంటే దానికి యూనిట్ తగిలిస్తే సరిపోతుంది. మూడో కాగితం చదివినవాడికి ఆ గొట్టం గురించి అబద్ధం తెలుస్తుంది. సూత్రానికీ, ఇచ్చిన విలువలను వాటి స్థానాల్లో వేసినందుకూ ఒక మార్కు ఉంచాలి, జవాబు మార్కు తీసేయాలి.

ఇంకో కారణం కూడా ఉంది. 1.18 హెర్ట్జ్ అసాధ్యమైన జవాబని ఆ పిల్లవాడు పట్టుకోగలిగేవాడే. మనిషి చెవికి వినిపించే ధ్వని సుమారు 20 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. సెకనుకు ఒక్కసారి కంపించే గాలి ఎవరికీ వినబడదు, ప్రశ్నలోనేమో గొట్టాన్ని మోగించారని ఉంది. జవాబు రాశాక ఇది జరిగే పనేనా అని ఒక్క క్షణం చూసుకోవడం భౌతికశాస్త్రంలో భాగమే. మన తరగతి గదుల్లో దాన్ని చాలా తక్కువగా నేర్పుతున్నాం. తప్పు ఎక్కడ పడిందో పిల్లలే కనిపెట్టగల సాధనం అది.

సరైన జవాబునే వేరే రూపంలో రాసినవాళ్ల మార్కులు కొన్నిసార్లు అజాగ్రత్త వల్ల పోతుంటాయి. 118.2 s⁻¹ అని రాసినా, సెకనుకు 118.2 కంపనాలు అని రాసినా హెర్ట్జ్‌కు సమానమే. 0.1182 కిలోహెర్ట్జ్ కూడా అదే. ఒకమ్మాయి వేగాన్నే సెంటీమీటర్లలోకి మార్చి 33100ని 280తో భాగించిందనుకోండి, జవాబు 118.2 హెర్ట్జే వస్తుంది. స్కీములో 0.70 అని ఉంది, ఇక్కడ 70 కనిపిస్తోందని తొందరపడి విలువల మెట్టు కొట్టేస్తే ఆ అమ్మాయికి అన్యాయం చేసినట్టే. రెండు విలువలూ ఒకే కొలతలో ఉన్నాయా లేదా అన్నదే చూడాలి, స్కీములోని అంకెలతో పోలిక కాదు.

దీనికి ఎదురు సందర్భం కూడా ఉంది. మూసిన గొట్టానికి v / 4l బదులు తెరిచిన గొట్టం సూత్రం v / 2l వేసి 236.4 Hz అని రాస్తారు. యూనిట్ సరిగ్గా ఉంది. యూనిట్‌కు అర మార్కు ఉంది కదా, ఇచ్చేద్దామా? ఇవ్వకూడదు. పౌనఃపున్యం అడిగారు కాబట్టి హెర్ట్జ్ అని రాయడానికి లెక్క చేయనక్కరలేదు. యూనిట్ అర మార్కు న్యాయంగా వచ్చిన సంఖ్యకు తోడుగా ఉండాలి, ఒంటరిగా దానికి విలువ లేదు.

వేరే బోర్డులు ఏం చేస్తున్నాయో చూస్తే ఇందులో ఒకే దారి లేదని అర్థమవుతుంది. కేంబ్రిడ్జి ఐజీసీఎస్ఈ భౌతికశాస్త్రం పాత మార్కింగ్ స్కీముల్లో, మిగతా అంతా సరిగ్గా ఉండి యూనిట్ తప్పినా, లేకపోయినా ఒక మార్కు తీయాలి, అయితే ఒక ప్రశ్నకు ఒక మార్కుకు మించి తీయకూడదు. చివరి లైనులో యూనిట్ లేకున్నా పై మెట్లలో సరిగ్గా కనిపిస్తే అసలు కోయవద్దని కూడా వాటిలో ఉండేది. ఇంటర్నేషనల్ బాకలారియట్ వారైతే, స్కీములో ప్రత్యేకంగా చెబితే తప్ప యూనిట్ తప్పులకు మార్కులు తీయవద్దంటారు. యూనిట్ వచ్చో లేదో చూడాలనుకున్నచోట దాన్ని విడిగా అడుగుతారు. ఇలా దారులు వేరైనా, కోతకు ఒక హద్దు ఉండాలన్నది అన్నిటిలోనూ కనిపిస్తుంది.

పై మెట్టులో యూనిట్ కనిపిస్తే చాలన్న నియమం నాకు నచ్చుతుంది, కానీ దాన్ని జాగ్రత్తగా వాడాలి. పిల్లవాడు ఒక లైనులో n = 331/2.8 Hz అని రాసి, కింది లైనులో 118.2 అని మాత్రమే రాస్తే కోయనక్కరలేదు, యూనిట్ తెలుసని చూపించాడు. అదే పైన 331 m/s, 2.8 m అని రాసి కింద 118.2 అని వదిలేస్తే పరిస్థితి వేరు. మీటర్లు కొట్టేసి సెకనుకు ఇన్ని అని చెప్పే పని అతను చేయలేదు, దిద్దేవాడు అతని బదులు చేస్తున్నాడు. అక్కడ అర తీయాలి. ప్రశ్నలోనే పౌనఃపున్యం హెర్ట్జ్‌లలో ఎంత అని అడిగి ఉంటే మాత్రం 118.2 అని రాసినవాడిది పూర్తి జవాబే, కోయడానికి ఏమీ లేదు.

ఈ చివరి సందర్భం దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే యూనిట్లు మరిచిపోయే అలవాటుకు ఒక మూలం అక్కడే ఉంది. జేఈఈలో అంకె టైపు చేసే ప్రశ్నలకు యూనిట్ ప్రశ్నలోనే ఇస్తారు, పిల్లలు నింపేది ఒట్టి అంకె. ఎంసెట్‌గా మనం పిలుచుకునే పరీక్షలో నాలుగు జవాబుల పక్కనా యూనిట్లు ముందే అచ్చయి ఉంటాయి. వారం వారం ఆ నమూనా పరీక్షలే రాసే పిల్లవాడికి యూనిట్ రాయడమన్నది చేతికి అలవాటు లేని పని. మార్చిలో బోర్డు పరీక్షకు కూర్చున్నప్పుడు అదే చెయ్యి 118.2 దగ్గర ఆగిపోతుంది. తప్పు అతనిది ఒక్కడిదే అనలేం.

చేతిరాతతో వచ్చే చిక్కులు అచ్చులో చదివేవాళ్లకు తట్టవు. మీటర్ పర్ సెకండ్ రాసేటప్పుడు s పైన ఉండాల్సిన −1లో మైనస్ గీత చాలా సన్నగా పడుతుంది, స్కాన్ చేసిన కాపీలోనైతే మాయమైపోతుంది. m, s మధ్య ఖాళీ లేకుండా ఆ ఘాతం కూడా పోతే మిల్లీసెకండ్ అనిపిస్తుంది. ఓమ్ గుర్తు తొందరలో 52లా కనిపిస్తుంది. 5 పక్కన ఆనించి రాసిన s ఇంకో 5లా ఉంటుంది. ఇలాంటిచోట నేను పాటించే పద్ధతి ఇది: అదే పిల్లవాడు వేరే పేజీల్లో ఆ అక్షరాన్ని ఎలా రాశాడో తిరగేసి చూడాలి. రెండు నిమిషాలు పట్టదు. అతని s లన్నీ అలాగే ఉంటే అది s.

హెర్ట్జ్‌ను hz అనో HZ అనో రాస్తే మార్కు తీయనక్కరలేదు, వేరే అర్థం వచ్చే ప్రమాదం లేదు. కానీ చిన్న m, పెద్ద M విషయంలో అలా ఊరుకోలేం. mHz అంటే మిల్లీహెర్ట్జ్, MHz అంటే మెగాహెర్ట్జ్, రెండిటికీ మధ్య వంద కోట్ల రెట్ల తేడా. అక్కడ అక్షరం పెద్దదా చిన్నదా అన్నది అందంగా రాయడం గురించిన ప్రశ్న కాదు, జవాబులో భాగం. ఇక Hz/s అని రెండూ కలిపి రాసినవాళ్లు, ఏదో ఒకటి తగులుతుందని Hz పక్కన కామా పెట్టి m/s కూడా రాసినవాళ్లు ఉంటారు. ఒకటి కొట్టేసి ఇంకొకటి ఉంచితే ఉంచినదాన్నే జవాబుగా తీసుకోవాలి. రెండూ ఉంచితే యూనిట్ మార్కు ఇవ్వకూడదు.

యూనిట్ లేకపోవడమే సరైన జవాబయ్యే రాశులు కూడా కొన్నున్నాయి: వక్రీభవన గుణకం, సాపేక్ష సాంద్రత, ఇంజను దక్షత. వీటికి యూనిట్ లేదని కోత వేసిన పేపర్లు అరుదుగానైనా కనిపిస్తాయి. గాజు వక్రీభవన గుణకం 1.5 డిగ్రీలు అని రాసినవాడికి మాత్రం యూనిట్ అర తీయాల్సిందే.

ఇన్ని సందర్భాల్లో ఏ నిర్ణయమైనా కొంత వాదనకు దొరుకుతుంది. పిల్లలకు నిజమైన నష్టం ఆ వాదన వల్ల కాదు, ఒకే తప్పుకు పొద్దున ఒక మార్కు, సాయంత్రం ఇంకో మార్కు వేయడం వల్ల వస్తుంది. స్పాట్ వాల్యుయేషన్‌లో మొదటి కట్ట దిద్దేటప్పుడు ఉన్న ఓపిక ఆఖరి కట్టకు ఉండదు. వరసగా ఐదుగురు యూనిట్ రాయకపోతే ఆరోవాడి మీద కోపం పడుతుంది. చీఫ్ ఎగ్జామినర్ మళ్లీ చూసేది కొన్ని పేపర్లనే. రీవెరిఫికేషన్‌కు డబ్బు కట్టి స్కాన్ కాపీ తెప్పించుకున్న తల్లిదండ్రులు చూసేది కూడా ఇదే: పక్కింటి పిల్ల కాగితంలో అర పోయింది, మా అబ్బాయి కాగితంలో రెండూ పోయాయి, తప్పు ఒకటే.

అందుకే దిద్దే మిత్రులను కోరేది ఒకటి. కట్ట విప్పకముందే ఒక చీటీ మీద ఈ నాలుగు మాటలు రాసి ఎదురుగా పెట్టుకోండి: యూనిట్ లేకపోతే ఎంత, తప్పు యూనిట్ ఉంటే ఎంత, మార్చకుండా వేస్తే ఎక్కడ ఎంత, ఏయే సమాన రూపాలు ఒప్పుకోవాలి. బోర్డు స్కీములో ఉంటే అదే రాయండి, లేకపోతే పక్క బల్లవాళ్లతో, చీఫ్‌తో మాట్లాడుకుని ఒక మాట మీదకు రండి. మార్కు తీసిన ప్రతిచోటా ఆ జవాబు పక్కన చిన్నగా "యూనిట్ −½" అని రాయండి. కాలేజీ పరీక్షలైతే ఆ కాగితం తిరిగి పిల్లల చేతికి వెళుతుంది, పోయింది పద్ధతి వల్లనా యూనిట్ వల్లనా అన్నది ఆ రెండు అక్షరాలు చూస్తే తెలిసిపోతుంది. విద్యార్థులకు చెప్పేది కూడా ఒకటే: విలువలు వేసే లైనులోనే ప్రతి అంకె పక్కనా దాని యూనిట్ రాసి, అక్కడే కొట్టేయండి. 70 cm పైన ఉన్న 331 m/s తో కొట్టుకుపోవడం లేదని మీ కలమే మీకు చూపిస్తుంది.